షీట్‌లో మొదటొచ్చిన సైట్ నేల మీద తేడా కొడుతోందా? నీళ్ళ మార్కు చూడండి

సమస్య: ఫ్యాక్టరీకి మూడు చోట్లు చూశారు, వెయిటేజీలు పెట్టారు, మార్కులేశారు, గుణించి కూడారు. మొదటొచ్చిన చోటు పేరు చెప్తే ఆ ఊరి తెలిసినోళ్ళు "అక్కడా?" అని నవ్వుతున్నారు.

షీట్ తిరగేసే ముందు ఒక్కటి చూడండి బాబూ, ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చూడరు. ఖర్చు కాలమ్‌లో మార్కులు ఏ వైపు ఉన్నాయి? స్థలం ధర ఎక్కువైతే మార్కు తగ్గాలి, చాలామంది ధర పెద్దది కదా అని 9 వేసేస్తారు. నా దగ్గరికొచ్చే షీట్లలో సగం అక్కడే బాగవుతాయి. వెయిటేజీలు కూడితే 100 వస్తోందో లేదో కూడా చూసేయండి.

అవి సరిగ్గానే ఉంటే అసలు దొంగ వేరే ఉన్నాడు. కోనసీమలో కొబ్బరి డొక్కల నుంచి పీచు తీసి, పొట్టుని కడిగి దిమ్మలుగా ఎగుమతి చేసే యూనిట్ అనుకుందాం. డొక్క బరువులో పీచు సుమారు మూడో వంతే, మిగిలిందంతా పొట్టు, పైగా డొక్కలు లారీలో చోటు తినేస్తాయి, అందుకే సరుకు దగ్గరగా ఉండాలని దానికి 30 ఇచ్చారు. నీళ్ళకి 25, రోడ్డుకి 20, స్థలానికి 15, కూలీలకి 10. మార్కులు నేను ఉదాహరణకి పదికి వేసినవే, ఇదే వరుసలో, గుణించి కూడి 100తో భాగించాను:

అంబాజీపేట దగ్గర: 9, 6, 6, 3, 7. మొత్తం 6.55
సఖినేటిపల్లి వైపు: 8, 8, 5, 9, 7. మొత్తం 7.45
రావులపాలెం: 5, 8, 9, 3, 6. మొత్తం 6.35

సఖినేటిపల్లి గెలిచింది. ఇప్పుడు ఆ నీళ్ళ 8 ఎక్కడిదని అడగండి. జనవరిలో వెళ్ళారు, కాలవ నిండుగా పారుతోంది, ఫొటో తీసుకుని 8 వేసుకొచ్చారు! డెల్టాలో రబీ తడులు అయ్యాక వేసవిలో కాలవలు కట్టేస్తారు, మళ్ళీ ఖరీఫ్‌కి జూన్‌లో వదిలేదాకా బోరే గతి, సముద్రం వైపు వెళ్ళేకొద్దీ ఆ బోరులో ఉప్పు తగిలే అవకాశం ఎక్కువ. మామూలు పనికైతే సర్దుకోవచ్చేమో గానీ ఇక్కడ పొట్టు కడిగేదే ఉప్పు పోవడానికి. నర్సరీల సరుక్కి కొనేవాళ్ళు ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, అంటే ఈసీ, 0.5 లోపు అడుగుతారు, ఉప్పునీళ్ళతో కడిగితే అది దిగదు. పొట్టు ఆరబెట్టుకోవడానికి మంచి ఎండ ఉండేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే.

ఎలా పట్టుకోవాలంటే, మే నెలలో అక్కడి బోరు నీళ్ళు సీసాలో పట్టి ఈసీ మీటర్ ముంచండి, మార్కు ఆ నెలని బట్టే వేయండి, ఏడాది సగటుని బట్టి కాదు. 8 కాస్తా 2 అయితే మొత్తం 5.95కి పడి సైటు మూడో స్థానానికి పోతుంది.

ఇంతటితో అయిపోయిందనుకోకండి. నీళ్ళకి 2 వేశాక కూడా, ఓనరు గారు స్థలానికి 30, నీళ్ళకి 10 అన్నారనుకోండి (అంటారు, చవక భూమి అంటే ఎవరికి చేదు), అంబాజీపేట 6.10, సఖినేటిపల్లి 7.00, మళ్ళీ అదే గెలిచింది! కూడికలో ఒక చోట పోయింది ఇంకో చోట వచ్చేస్తుంది, కానీ చవక భూమి ఉప్పునీటిని తీపి చెయ్యదుగా. అందుకే ఇది లేకపోతే పని నడవదు అనేదాన్ని అసలు మార్కుల్లోకి రానివ్వకూడదు, ముందే గేటు పెట్టాలి: వేసవిలో కూడా కడగడానికి పనికొచ్చే నీళ్ళు ఉన్నాయా, అవునా కాదా. కాదంటే ఆ సైటు షీట్‌లోకే రాదు, లేదా నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు ఖర్చు కలిపి స్థలం ధర మళ్ళీ రాయాలి. గేటు దాటిన సైట్లకి నీళ్ళ మార్కు ఉంచుకోవచ్చు, అప్పుడది ఎంత బాగున్నాయి అన్నదానికే. వరదకీ ఇంతే, గట్టు లోపలి లంక భూమి అయితే మార్కులేసే పనే లేదు.

మిగతా కారణాలు అరుదు. ఫార్ములా ఒక వరస తక్కువ కూడటం, ఒకే సంగతిని రోడ్డు అని ఒకసారి రవాణా అని ఇంకోసారి లెక్కేయడం, ఐదు నిమిషాల్లో దొరుకుతాయి.

ఇక మిగిలింది అంబాజీపేట 6.55, రావులపాలెం 6.35. దీన్ని గెలుపు అనకండి. మొదటి వెయిటేజీల్లో డొక్కల సరుకు 30 నుంచి 5 తీసి రోడ్డుకిస్తే 6.40, 6.55, తారుమారు. ఇంత దగ్గరగా ఉన్నప్పుడు మార్కులు పక్కన పెట్టి, నెలకి ఎన్ని లారీల డొక్కలు లోపలికి, ఎన్ని లారీల దిమ్మలు, పీచు బయటికి, ఒక్కో లారీ బాడుగ ఎంత అని రూపాయల్లో రెండు చోట్లకీ లెక్క కట్టండి.