రాత్రి కబడ్డీ వీడియోలో కూతకెళ్లినవాడి చేతులు చెదిరిపోతుంటే

కావలి వైపు పల్లెల్లో సంక్రాంతికి ఫ్లడ్‌లైట్ల కింద కబడ్డీ పోటీ జరుగుతుంది. ఫోన్లో తీసిన వీడియోలో మనిషి మొహం బాగానే ఉంటుంది, చాచిన చెయ్యి మాత్రం పొగలా సాగిపోతుంది. టచ్ పడిందా లేదా అని తర్వాత ఎవరూ తేల్చలేరు.

సాధారణంగా తప్పు ఫోకస్‌ది కాదు, షట్టర్‌ది. వెలుతురు చాలకపోతే ఆటోలో ఫోన్ షట్టర్‌ను సెకనులో 1/50 వంతు దాకా దించేస్తుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో విసిరిన చెయ్యి ఆ కాస్త సమయంలో 10 సెంటీమీటర్లు కదులుతుంది. అంటే అరచేతి వెడల్పుకు పైనే. కెమెరా యాప్‌లో ప్రో వీడియోలోకి వెళ్లి షట్టర్ 1/200 పెడితే అది రెండున్నర సెంటీమీటర్లకు తగ్గుతుంది. వెలుతురు నాలుగో వంతే అందుతుంది కాబట్టి బొమ్మను వెలిగించే ఐఎస్ఓను నాలుగింతలు పెంచాలి. కొంచెం గరుకు వస్తుంది, రానివ్వండి. గరుకు బొమ్మలో వేళ్లు లెక్కపెట్టొచ్చు, సాగిన బొమ్మలో పెట్టలేం.

1/200లో తెరమీద నల్లటి అడ్డ చారలు పాకుతున్నాయా? మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. కొన్ని లైట్లు దానివల్ల సెకనుకు 100 సార్లు మినుకుతాయి, కంటికి తెలియదంతే. ఆట మొదలవకముందే కోర్టు తెల్లగీతల మీద కెమెరా పెట్టి చూసుకోండి. చారలుంటే 1/100కి దిగడమే దారి. అప్పుడు చెయ్యి 5 సెంటీమీటర్లు సాగుతుంది.

ఫ్రేమ్‌లో ఎక్కువ కోర్టు పట్టిస్తే ఆ సాగుడు తెరమీద చిన్నగా కనిపిస్తుంది. మగవాళ్ల కోర్టు పొడవు 13 మీటర్లు. 1920 పిక్సెళ్ల వీడియోలో సగం కోర్టే నింపితే ఆ 5 సెంటీమీటర్లు సుమారు 15 పిక్సెళ్లు, మొత్తం కోర్టు పట్టిస్తే ఏడో ఎనిమిదో. పైగా కెమెరాను తక్కువ తిప్పితే సరిపోతుంది, చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డ డిఫెండర్లు కూడా చెదరరు. అయితే దీనికోసం 0.5x నొక్కొద్దు. చాలా ఫోన్లలో ఆ లెన్స్ వెలుతురు తక్కువ తీసుకుంటుంది. 1x లోనే ఉండి, మధ్యగీతకు ఎదురుగా పక్కగీత నుంచి పదిపన్నెండు మీటర్లు వెనక్కి జరగండి. అక్కణ్ణుంచి రైడ్ కుడికో ఎడమకో సాగుతుంది. కాళ్లు పాతుకుని, నడుము మాత్రం తిప్పుతూ వెంబడిస్తే చాలు.

షట్టర్ సరిగ్గానే ఉన్నా, పట్టు పడ్డాక ఎవరి కాలు ఎవరిదో తెలియట్లేదంటే కెమెరా మరీ కిందుంది. నడుము ఎత్తు నుంచి తీస్తే ముందువాడు వెనకవాణ్ణి కప్పేస్తాడు. జనం వెనక ఆపిన ట్రాక్టర్ ట్రక్కు ఎక్కండి. దాన్లో పిల్లలు గెంతకుండా చూసుకోవడం మీ తిప్పలు.