కాగితాల గడువులు – పాఠం 3: రిమైండర్‌కు ఏ తేదీ పెట్టాలి?

క్రితం పాఠంలో ఇంట్లో అందరి పాస్‌పోర్టులు, లైసెన్సులు, బీమా పాలసీలు ముందేసుకుని గడువు తేదీలన్నీ ఒక పట్టికలో రాసుకున్నాం. ఆ తేదీలనే ఫోనులో ఎక్కించేస్తే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. కాగితం మీద అచ్చయి ఉన్నది అది చెల్లిపోయే రోజు. మనకు కావలసినవి వేరే రెండు తేదీలు: రెన్యువల్‌కు తలుపు తెరిచే రోజు, ఆ కాగితం నిజంగా పనికిరాకుండా పోయే రోజు. రిమైండర్ మొదటి తేదీన మొదలై, పని పూర్తయ్యేదాకా మోగుతూనే ఉండాలి.

పాస్‌పోర్టుతో లెక్క కడదాం. దుబాయ్‌లో ఉన్న కూతురి దగ్గరకు అప్పుడప్పుడు వెళ్లివచ్చే ఒక తల్లి పాస్‌పోర్టు గడువు 14-09-2027 అనుకోండి. దుబాయ్, సింగపూర్ వంటి చోట్ల దిగే రోజుకు పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. అంటే ఆమెకు ఆ పుస్తకం 14-03-2027 వరకే పనికొస్తుంది. ఆ తర్వాత టికెట్ చేతిలో ఉన్నా చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. ఇక తలుపు తెరిచే తేదీ. గడువుకు ఏడాది ముందు నుంచే రీ-ఇష్యూకు దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి అది 14-09-2026. ఈ రెండింటి మధ్య ఆరు నెలలు ఆమె చేతిలో ఉన్నాయి.

ఆరు నెలలు ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ దరఖాస్తు రోజున పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో పాత పుస్తకాన్ని రద్దు చేస్తారు. కొత్తది వచ్చేదాకా ప్రయాణం లేదు. ఇల్లు మారి ఉంటే పోలీసు వెరిఫికేషన్ దగ్గర ఇంకొంత ఆలస్యం కావచ్చు. అందుకే కూతురు డిసెంబరులో రమ్మంటే, సెప్టెంబరులోనే దరఖాస్తు పెట్టాలి, లేదా తిరిగి వచ్చాక జనవరిలో పెట్టాలి. నవంబరులో మాత్రం దాని జోలికి వెళ్లకూడదు. రిమైండర్‌లో ఈ మాట కూడా రాసి పెట్టండి: «అమ్మ పాస్‌పోర్ట్. దరఖాస్తుకు ముందు ప్రయాణాలు చూసుకోవాలి. 14 మార్చి దాటితే దుబాయ్ కుదరదు.» ఉత్త «పాస్‌పోర్ట్ రెన్యువల్» అని రాస్తే, మోగిన రోజున ఎవరిదో, ఏమి చేయాలో వెతుక్కోవడానికే బద్ధకం వేస్తుంది.

ఇప్పుడు ఫోను తీయండి. గూగుల్ క్యాలెండర్‌లో + నొక్కితే Event, Task అని కనిపిస్తాయి. Task ఎంచుకోండి. ఈవెంట్ అయితే ఆ రోజు గడవగానే వెనక్కి వెళ్లిపోతుంది. టాస్క్ అలా కాదు, పూర్తయినట్టు గుర్తు పెట్టేదాకా పెండింగ్‌గా కళ్లముందే ఉంటుంది. తేదీ 14-09-2026 ఇచ్చి, Does not repeat అన్నచోట నొక్కి, నెలకోసారి వచ్చేలా మార్చండి. తేదీ 29, 30, 31 అయితే 28కి జరపండి. 31తో నెలనెలా పెట్టిన రిమైండర్ చాలా క్యాలెండర్లలో 31 లేని నెలల్లో అసలు రాదు. సమయం కూడా ఆఫీసు పనివేళల్లో కాకుండా ఆదివారం ఉదయంలాగా చేతికి తీరిక దొరికే వేళకు పెట్టుకుంటే మంచిది. అలాంటప్పుడు 14నే పట్టుకుని కూర్చోనక్కరలేదు, ఆ దగ్గరి ఆదివారం చాలు.

కారు బీమాలో చిక్కు ఇంకోచోట ఉంది. కొత్త కారు కొన్నప్పుడు ఇచ్చే పాలసీలో చాలాసార్లు రెండు గడువులుంటాయి. థర్డ్ పార్టీ మూడేళ్లు, మన కారుకు జరిగే నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ ఒక్క ఏడాదే. 10-11-2025న మొదలైన పాలసీలో మొదటిది 09-11-2028 వరకు, రెండోది 09-11-2026 వరకు. ట్రాఫిక్ పోలీసు అడిగితే థర్డ్ పార్టీ చూపించి బయటపడతాం, కాబట్టి రెండోది చెల్లిపోయిన సంగతి కారు గుద్దుకున్నాకే బయటపడుతుంది. పట్టికలో రెండు వరుసలు రాయండి. ఓన్ డ్యామేజ్ గడువుకు నెల ముందు నుంచి వారానికోసారి మోగాలి. గడువు దాటితే కంపెనీ కారును తనిఖీ చేయాలంటుంది. 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపినవారికి అది 50 శాతం. కంపెనీ ఎస్సెమ్మెస్ వస్తుందిలే అని ధీమా వద్దు. పాలసీ మీద ఉన్నది మీ నంబరేనా, షోరూమ్ వాళ్లదా అని ఒకసారి చూడండి.

లైసెన్సుకు తలుపు విశాలం. గడువుకు ఏడాది ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. దాటి ఏడాది గడిస్తే మళ్లీ డ్రైవింగ్ పరీక్షే. అయితే గడువు తర్వాతి ఆ ఏడాది దరఖాస్తుకే గాని బండి నడపడానికి కాదు. నలభై దాటినవారికి వైద్యుడి సంతకంతో ఫారం 1ఎ కూడా కావాలి కాబట్టి వారి రిమైండర్‌లో ఆ మాట చేర్చండి.

అభ్యాసం: 45 ఏళ్ల వ్యక్తి లైసెన్సు గడువు 31-05-2027. రిమైండర్ ఏ తేదీన మొదలవ్వాలి, ఎన్నాళ్లకోసారి రావాలి, అందులో ఏమి రాయాలి? జవాబు రాసుకోండి, పాఠం 4లో సరిచూద్దాం.