ఫ్లిప్‌బుక్ నుంచి ఫోన్ కెమెరా దాకా: పిల్లల యానిమేషన్ క్లాసులో ఏది ఎక్కడ చెడుతుంది

ఏడో తరగతి పిల్లలకు యానిమేషన్ చెప్పడానికి నేను నాలుగు పీరియడ్లు తీసుకుంటాను. ఒక్కోటి 45 నిమిషాలు. మొదటి రెండూ ఫ్లిప్‌బుక్‌కి, మూడోది కాగితం బొమ్మలు కత్తిరించి కీళ్లు కట్టడానికి, నాలుగోది ఫోన్‌తో ఫోటోలు తీయడానికి. ఏదైనా చెడగానే పిల్లల నోట వచ్చే మాట ఒకటే: "నాకు బొమ్మలు రావు టీచర్." చాలాసార్లు తప్పు బొమ్మలో ఉండదు. కాగితాల అమరికలోనో, దూరాల లెక్కలోనో, వెలుతురులోనో ఉంటుంది. అందుకే మళ్లీ గీయమని చెప్పే ముందు, తెర మీద ఏది కదులుతోంది, ఏది కదలకూడదు అని చూడాలి.

మొదటి పాఠం కిందపడి ఎగిరే బంతి. నాలుగు ఏ4 కాగితాలను ఒక్కోదాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే 32 చీటీలు వస్తాయి, ఒక్కోటి సుమారు పదిన్నర సెంటీమీటర్ల వెడల్పు, ఏడున్నర ఎత్తు. ఎడమ వైపు పొట్టి అంచుకు క్లిప్ పెడతాం. సెకనుకు సుమారు 12 చీటీల వేగంతో తిప్పితే రెండున్నర సెకన్ల పైచిలుకు సినిమా. ఒకటో నంబరు చీటీ కట్టలో అడుగున ఉండాలి. గీయడం కింది నుంచి పైకి, తిప్పడం కూడా కింది నుంచి పైకి. అలా చేస్తే కొత్త చీటీ ఎప్పుడూ పాతదాని మీదే పడుతుంది, జిరాక్స్ కాగితం పల్చన కాబట్టి కింది బంతి లీలగా కనిపిస్తుంది. నంబర్లు క్లిప్ పట్టే మూలలోనే వేయించండి. కట్ట ఒకసారి చేయి జారి పడితే దాని విలువ తెలుస్తుంది.

లక్షణం: తిప్పుతుంటే బొమ్మ వణుకుతోంది

ముందు నేల గీతను చూడండి. బంతితో పాటు గీత కూడా వణుకుతుంటే చీటీలు వరుసలో లేవన్నమాట. గీత నిలకడగా ఉండి బంతి ఒక్కటే వణికితే అప్పుడది గీయడంలో తప్పు.

గీత వణకడానికి మామూలుగా కారణం కత్తెర. ఎనిమిది ముక్కలు ఎవరు కోసినా సమానంగా రావు. అన్ని అంచులనూ సరిచేయాలని చూస్తే ఏదీ కుదరదు. రెండే అంచులు ఎంచుకోవాలి: ఎడమది, కిందిది. కట్టను నిలబెట్టి ఆ రెండు అంచులనే బల్ల మీద తట్టి సమం చేయాలి. పై అంచు, కుడి అంచు ఎలా ఉన్నా ఫర్వాలేదు. నేల గీతను కూడా కింది అంచు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తులో స్కేలుతో కొలిచి, బంతి మొదలుపెట్టకముందే 32 చీటీల మీదా గీయించాలి. విసుగు పనే. కానీ ఈ పది నిమిషాలు మిగుల్చుకుందామనుకున్న క్లాసులో తర్వాతి పీరియడంతా వణుకుతూనే పోయింది.

బంతి ఒక్కటే వణికితే దాని సైజు చీటీ చీటీకి మారుతోంది. పెన్ను మూతను పెట్టి చుట్టూ గీయమనండి.

లక్షణం: బంతి పడుతున్నట్టు లేదు, దారం కట్టి దించుతున్నట్టుంది

ఇది అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది. కారణం సమాన దూరాలు. పిల్లలు శ్రద్ధగా ప్రతి చీటీకీ 6 మిల్లీమీటర్లు దించుతారు. పైనుంచి వదిలిన వస్తువు వేగం క్షణక్షణానికీ పెరుగుతుంది కాబట్టి ఎడం కూడా పెరగాలి. ఎంత పెరగాలో చెప్పే లెక్క పిల్లలకు ఇట్టే పట్టుబడుతుంది: బేసి సంఖ్యలు. మొదటి అడుగు 1 మిల్లీమీటరు, తర్వాత 3, 5, 7, 9, 11. మొత్తం 36 మిల్లీమీటర్లు, ఆరు చీటీల్లో నేలకు చేరింది.

పైకి లేచేటప్పుడు అదే వరుస తిరగబడుతుంది, కాకపోతే ఒక మెట్టు తక్కువ: 9, 7, 5, 3, 1. అంటే 25 మిల్లీమీటర్ల ఎత్తుకే లేస్తుంది. అక్కడి నుంచి మళ్లీ 1, 3, 5, 7, 9 కిందికి. రెండో ఎగురు 16 మిల్లీమీటర్లు, మూడోది 9. చీటీలు లెక్కపెడితే మొదట బంతి పైనున్నది ఒకటి, పడటానికి ఆరు, మొదటి ఎగురుకు పది, రెండోదానికి ఎనిమిది, మూడోదానికి ఆరు, మొత్తం 31. చివరిదాంట్లో బంతి కదలకుండా ఉంటుంది. సరిగ్గా 32. పక్కకు మాత్రం ప్రతి చీటీకీ సమానంగా 2 మిల్లీమీటర్లు కుడికి జరపాలి, ఎందుకంటే అటువైపు బంతి వేగాన్ని మార్చేది పెద్దగా ఏమీ లేదు.

ఇక్కడ ఒక తరహా తప్పు దాక్కుని ఉంటుంది. లెక్క సరిగా ఉన్నా బంతి నేలకు ఆనకుండానే ఎగిరిపోతున్నట్టు అనిపిస్తుంది. అలాంటప్పుడు పిల్లలు బంతి మధ్య నుంచి కొలిచారా, అడుగు నుంచి కొలిచారా అని చూడండి. కొన్ని చీటీల్లో అలా, కొన్నిట్లో ఇలా కొలిచి ఉంటారు. బంతి అడుగు నుంచే కొలవాలి. తాకే చీటీలో అది గీత మీద కూర్చోవాలి.

చీటీలు గుంపులుగా పడిపోయి మధ్యలో గంతులు వస్తుంటే గీతలను అనుమానించక్కర్లేదు. కట్టను తిప్పే వైపే కాస్త వంచి, ఆ వంపు వదలకుండా క్లిప్ పెట్టండి. కుడి అంచు మెట్లలా ఏటవాలుగా వచ్చి ఒక్కోటీ విడిగా జారుతుంది.

లక్షణం: కాగితం బొమ్మ కాళ్లు నేల మీద జారుతున్నాయి

బొమ్మలకు నోటుబుక్ కాగితం పనికిరాదు, ఫ్యాను గాలికే ఎగురుతుంది. పాత శుభలేఖలు తెమ్మనండి, ఆ అట్ట మందం సరిగ్గా సరిపోతుంది. బంగారు అచ్చు ఉన్న వైపు కెమెరాలో మెరుస్తుంది కాబట్టి వెనక వైపు వాడాలి. కీళ్లకు తోలుబొమ్మలాట వాళ్ల పద్ధతే మేలు: రంధ్రం పొడిచి దారం దూర్చి రెండు వైపులా ముడి వేయడం. ముడి వదులైతే ఫోటోకీ ఫోటోకీ మధ్య చేయి దానంతటదే వేలాడుతుంది, మరీ బిగిస్తే చేయి కదిపినప్పుడు ఒళ్లంతా కదులుతుంది. కదిపి వేలు తీసేశాక కూడా చేయి పెట్టినచోటే ఉంటే ముడి సరిగా ఉన్నట్టు.

కాళ్లు జారడానికి కారణం, పిల్లలు ముందు ఒంటిని జరిపి తర్వాత కాళ్లు సర్దుతారు. నిజంగా నడిచేటప్పుడు నేల మీద ఆనిన పాదం కదలదు, ఒళ్లే దాన్ని దాటి ముందుకు వెళ్తుంది. కాబట్టి ఆనిన పాదాన్ని ఒక వేలితో అదిమిపట్టి, రెండో చేత్తో ఒంటిని కొంచెం ముందుకు తోయాలి. ఒక అడుగుకు ఆరు ఫోటోలు చాలు. ఆరూ అయ్యాక వేలు రెండో పాదం మీదికి మారాలి. ఇంత చెప్పినా కుదరకపోతే నడక మానేసి కాకినో కప్పనో ఎంచుకోమనండి. గెంతే జంతువులకు ఈ బాధ తక్కువ.

లక్షణం: వీడియోలో మొత్తం దృశ్యం గంతులేస్తోంది

మా స్టాండు ప్లాస్టిక్ స్టూలు. నడిమధ్య రంధ్రం ఉన్నది దొరికితే ఫోన్‌ను దాని మీద పెట్టి, లెన్సు ఆ రంధ్రంలోంచి కింది కాగితాన్ని చూసేలా జరుపుతాం. స్టూలు కాళ్లు ఫ్రేములోకి వస్తే కొంచెం జూమ్ చేస్తే పోతాయి. జూమ్ ఒకసారి పెట్టాక మళ్లీ ముట్టుకోకూడదు.

బొమ్మే కాక వెనకనున్న కాగితం కూడా గంతులేస్తుంటే ఫోన్ కదిలింది, లేదా కాగితం కదిలింది. కాగితం నాలుగు మూలలా టేపు వేయండి. స్టూలు కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గీయండి, జరిగితే వెంటనే తెలుస్తుంది. ఫోటో నొక్కే వేలు మరో దోషి. వైరు ఇయర్‌ఫోన్ పెడితే చాలా ఫోన్లలో దాని సౌండు బటనే ఫోటో తీస్తుంది. అది పనిచేయకపోతే 2 లేదా 3 సెకన్ల టైమర్ పెట్టుకోవచ్చు. తెర దానంతటదే ఆరిపోతే మళ్లీ వెలిగించడానికి ఫోన్‌ను తాకాలి కాబట్టి ఆరే సమయాన్ని సెట్టింగుల్లో పెంచి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఇంటి నుంచి ఫోన్ వస్తే స్టూలు మీదున్న ఫోన్ వణికి పక్కకు జరుగుతుంది, అప్పటిదాకా తీసినవాటికీ తర్వాతవాటికీ అతకదు.

Stop Motion Studio లాంటి యాప్‌లో ముందు ఫోటో లీలగా కనిపిస్తుంది. ఫోన్ జరిగినా దాన్ని చూసుకుంటూ పాత చోటికి తేవచ్చు.

లక్షణం: వెలుతురు మినుకుమినుకుమంటోంది

ఒక బృందం కాకి, కుండ, గులకరాళ్ల కథ తీసింది. 84 ఫోటోలు, ఏడు సెకన్లు. కదలిక బాగుంది కానీ నేపథ్యం తెల్లబడుతూ నల్లబడుతూ ఉంది. నేను మొదట అనుమానించింది కెమెరానే. ఫోన్ ప్రతి ఫోటోకూ వెలుతురును తనే కొలుచుకుని సర్దుకుంటుంది, ఫ్రేములో నల్ల కాకి పెద్దదయ్యేకొద్దీ మిగతాదంతా తెల్లబడుతుంది. దీనికి మందు తెర మీద ఒకచోట వేలు నొక్కిపట్టి తాళం వేయడం. ఐఫోన్‌లో పైన `AE/AF LOCK` అని కనిపిస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తాళం గుర్తు వస్తుంది.

తాళం వేసి మళ్లీ తీశాం. తగ్గింది, పోలేదు. అప్పుడు తెల్లబడిన ఫోటోల నంబర్లు బోర్డు మీద రాశాం. అవన్నీ ఒకే అబ్బాయి తీసినవి. బటన్ నొక్కే పని ఇద్దరు పంచుకున్నారు. అమ్మాయిది ముదురు నీలం యూనిఫాం, దూరంగా కూర్చుని నొక్కింది. అబ్బాయి తెల్ల చొక్కాతో స్టూలు మీదికి వంగి నొక్కాడు. వరండాలోంచి వచ్చే వెలుతురు ఆ చొక్కా మీద పడి కాగితం మీదికి తిరిగి వచ్చింది. బొమ్మ కదిపాక అందరూ సుద్దగీత అవతలికి వెళ్లాకే నొక్కాలని నియమం పెట్టాం. మూడోసారి మినుకు పోయింది.

మినుకు తీరును బట్టే కారణం చెప్పవచ్చు. ఫోటోకో తీరుగా మారితే కెమెరా తాళం లేదు, లేదా మనిషి అడ్డు. ఇరవై ముప్పై ఫోటోల మీద మెల్లగా మసకబారితే బయట మబ్బు పట్టింది. అడ్డంగా నల్ల చారలు పడితే అది కరెంటు లైటు, దాన్ని ఆపేసి పగటి వెలుతురులో తీయాలి.

లక్షణం: పీరియడంతా తీసినా సినిమా మొదలుకాగానే అయిపోయింది

సెకనుకు 12 ఫోటోలు. ఐదుగురి బృందం ఒక పీరియడ్‌లో 80 నుంచి 100 తీస్తే ఎక్కువ, అంటే ఏడెనిమిది సెకన్లు. కథ అంతకే సరిపోవాలి. సాగదీయడానికి వేగాన్ని సగానికి తగ్గిస్తే కాకి ఆగి ఆగి కదులుతుంది. దానికి బదులు ఏమీ కదలని చోట్లు వెతకండి: కాకి రాకముందు ఒంటరిగా ఉన్న కుండ, రాయి వేశాక కాకి లోపలికి తొంగిచూసే క్షణం. ఆ ఒక్క ఫోటోనే యాప్‌లో కాపీ చేసి 12 సార్లు పెడితే ఒక సెకను వస్తుంది. మా బృందం అలా నాలుగు చోట్ల ఆపింది, ఏడు సెకన్లు పదకొండయ్యాయి.