వానలకు ముందు పచ్చపొడి డబ్బా కొంటున్నారా? ముందు చెంచాను తూచండి

రజ పండుగ దాటి ఆషాఢం దగ్గరపడిందంటే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో మునగాకు మాట వస్తుంది. ఇప్పుడు ఆకుతో పాటు మునగ పొడి, స్పిరులినా, క్లోరెల్లా అనే నీటి నాచు పొడుల డబ్బాలు కూడా ఇంటికి చేరుతున్నాయి. రక్తం తక్కువగా ఉందని పరీక్షలో తేలితే చాలు, ఎవరో ఒకరు వీటి పేరు చెబుతారు. కొనేవాళ్లు చేయవలసిన మొదటి పని, డబ్బా మీది అంకెను చెంచాలోకి దింపి చూసుకోవడం.

డబ్బా మీద రాసేది సాధారణంగా 100 గ్రాముల లెక్క. స్పిరులినాలో సగానికి పైగా మాంసకృత్తులే అన్నది నిజమే. కానీ చదునుగా తీసిన టీ చెంచాలో పట్టేది రెండు, మూడు గ్రాములు. మూడు గ్రాముల్లో వచ్చే మాంసకృత్తులు రెండు గ్రాములైనా ఉండవు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు ఉంటాయి.

ఇనుము లెక్కా అంతే. గుణుపురంలో మా వదినకు హిమోగ్లోబిన్ 9 ఉంటే, దుకాణదారు రోజుకు రెండు చెంచాల మునగ పొడి చాలన్నాడు. మునగ పొడిలో 100 గ్రాములకు సుమారు 28 మిల్లీగ్రాముల ఇనుము అనుకుందాం. రెండు చెంచాలు, అంటే ఆరు గ్రాముల్లో ఉండేది 1.7 మిల్లీగ్రాములు. భారత వైద్య పరిశోధన మండలి లెక్కలో స్త్రీకి రోజుకు కావలసింది 29. పైగా ఆకులోని ఇనుములో ఒంటికి పట్టేది కొద్ది భాగమే. ఆశా దీదీ ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది. పొడిని నమ్మి ఆ మాత్ర మానేయడమే ఇందులో అసలు ప్రమాదం.

మునగ పొడిలో పాలకూర కంటే 25 రెట్లు ఇనుము అనే ప్రచారం, ఎండిన పొడిని పచ్చి ఆకుతో పోల్చడం వల్ల వచ్చింది. పచ్చి ఆకులో ముప్పావు వంతు నీరే కదా, ఆరబెడితే ఏ ఆకైనా గొప్పగానే కనిపిస్తుంది. విటమిన్ సి మాత్రం ఆరబెట్టడంలో చాలావరకు పోతుంది. స్పిరులినాలోని బి12 కూడా ఎక్కువ భాగం మనకు పనికిరాని రూపం. శాకాహారులు దాని మీద ఆధారపడకూడదు.

ఇక సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం సంగతి. స్పిరులినా, క్లోరెల్లా పెరిగే నీటిలో ఏముంటే అది వాటిలోకి చేరుతుంది. క్లోరెల్లా ఒంట్లోని లోహాలను పట్టేస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ పట్టే గుణం చెరువులో ఉన్నప్పుడూ ఉంటుందని మాత్రం చెప్పరు. మునగకు లారీలు తిరిగే రోడ్డు పక్క దుమ్ము, పాత బ్యాటరీలు కరిగించిన చోటి మట్టి చేటు.

అమ్మేవాళ్లను ఆ బ్యాచ్ ల్యాబ్ నివేదిక అడగండి. డబ్బా మీది బ్యాచ్ నంబరు, నివేదికలోని నంబరు ఒకటేనా చూడండి. అందులో Pb అంటే సీసం, As ఆర్సెనిక్, Cd కాడ్మియం, Hg పాదరసం. 'ND', అంటే దొరకలేదు అని ఉంటే, ఎంతవరకు కొలవగలిగారో కూడా రాసి ఉండాలి. లేకపోతే ఆ మాటకు విలువ లేదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల సంఖ్య అమ్మేవారి లైసెన్సు గురించి చెబుతుంది కానీ, ఆ డబ్బాలో సీసం ఎంతో చెప్పదు.

నివేదికలో Pb 1.2 mg/kg అని ఉందనుకోండి. అంటే గ్రాముకు 1.2 మైక్రోగ్రాములు. రోజుకు ఆరు గ్రాములు తింటే 7.2. ఆహారం నుంచి వచ్చే సీసానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ పెట్టుకున్న రోజువారీ హద్దు పిల్లలకు 2.2, పిల్లలు కనే వయసు స్త్రీలకు 8.8. అంటే తల్లి తినే అవే రెండు చెంచాలు బిడ్డకు పెడితే హద్దు మూడింతలు దాటుతుంది. తల్లికైనా మిగతా తిండి నుంచి వచ్చే సీసం దీనికి తోడవుతుంది. యూరప్‌లో ఇలాంటి పొడులకు చట్టం ఒప్పుకొనే 3 mg/kg ఉన్న డబ్బా అయితే ఆరు గ్రాములకు 18. చట్టం లోపలే ఉందన్న మాటతో సరిపెట్టుకోకుండా ఎన్ని గ్రాములు తింటున్నామో చూసుకోవాలనేది అందుకే.

కాబట్టి పెద్దవాళ్లు రోజుకు ఒకే పొడి, ఒక చదును చెంచాతో ఆగడం మేలు. మూడూ కలిపితే మూడింటి సీసమూ కలుస్తుంది. చిన్నపిల్లలకు, గర్భిణులకు స్పిరులినా, క్లోరెల్లా వద్దు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవాళ్లకు వీటిలోని విటమిన్ కె మందును దెబ్బతీయవచ్చు. సికిల్ సెల్, తలసీమియా ఉండి తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్ల ఒంట్లో ఇనుము పేరుకునే భయం ఉంది, వాళ్లు డాక్టరును అడగకుండా ఏదీ మొదలుపెట్టకూడదు.

మునగ చెట్టు పెరట్లోనే ఉంటే ఆకు కడిగి పప్పులో వేసుకోవడమే నా మాట. యాభై గ్రాముల పచ్చి ఆకు సుమారు పన్నెండు గ్రాముల పొడికి సమానం, ఖర్చూ లేదు. పొడే కావాలంటే వానలు పట్టకముందే నీడలో, రోడ్డుకు దూరంగా, ఆకు చేతిలో నలిపితే పొడి అయ్యేదాకా ఆరబెట్టండి. తడి చెంచా పెట్టకండి. వానాకాలంలో పొడి గడ్డకట్టినా, బూజు వాసన వచ్చినా పారేయండి. మళ్లీ ఎండలో పెట్టినా బూజు విషం పోదు.