వరి పొలం కౌలుకిచ్చే ముందు చూసుకోవాల్సినవి

☐ పంట ఎంతైనా ఒకే లెక్కన కౌలిచ్చే మక్తానా, పండినదాంట్లో వాటా ఇచ్చే పాలా? లెక్క వేసుకోండి. ఎకరానికి 12 బస్తాల మక్తా అనుకుందాం. 75 కిలోల బస్తాలు 36 పండితే, మూడో వంతు పాలు కూడా 12 బస్తాలే. తుపాను వచ్చి 24 పండితే పాలుకు 8 వస్తాయి, మక్తా మాత్రం కాగితం మీద 12 అనే ఉంటుంది. రైతు చేతిలో లేనిది ఎలా ఇస్తాడు? పంట దెబ్బతింటే ఎంత తగ్గించాలో ముందే రాసుకోండి. మీరు ఊళ్లో లేకపోతే పాలు జోలికి వెళ్లొద్దు, నూర్పిడి రోజు కళ్లంలో ఎవరో ఒకరు ఉండాలి.

☐ గడువు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే. దానివల్ల భూమి మీద హక్కు రాదు, సంతకానికి టెన్షన్ పడకండి. దాళ్వా కూడా ఇస్తున్నారా అన్నది స్పష్టంగా రాయండి.

☐ గట్లు. ఇదే అసలు తగాదా. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ ఏటా బెత్తెడు గట్టు కొరికేస్తుంది, నాలుగేళ్లకు హద్దు రాయి పక్క చేలో తేలుతుంది. ఇచ్చే రోజే పక్క రైతును పిలిచి, రాయి నుంచి రాయికి టేపు పట్టి, ఫోటోలు తీయండి. గట్లు సరిచేసి లంకలు వేసే పని కౌలుదారుదని రాయించండి.