రిటెన్షన్ గ్రాఫ్ చదవడం – 4వ పాఠం: మొదటి అరనిమిషంలోనే జారిపోయిన గీత

రిటెన్షన్ గ్రాఫ్‌లోని గీత వీడియోలో ఏ క్షణానికి ఎంత శాతం మంది ఇంకా చూస్తున్నారో చూపిస్తుంది. గత పాఠంలో ఆ గీత మధ్యలో కనిపించే ఎత్తుపల్లాలు చూశాం. ఈసారి మొదట్లోనే నిట్టనిలువుగా దిగే గీత సంగతి.

యూట్యూబ్ స్టూడియోలో వీడియో అనలిటిక్స్ తెరిస్తే, 30వ సెకను దాటాక ఎంత శాతం మంది మిగిలారో కనిపిస్తుంది. మొదట్లో కొంతమంది వెళ్లిపోవడం ప్రతి వీడియోకూ ఉన్నదే. కాబట్టి గీత పడిందని కంగారు పడకుండా, ఏ క్షణంలో పడింది, ఎక్కడ నిలదొక్కుకుంది అని చూడండి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఆరు నిమిషాల వీడియో. శీర్షిక: 'ఫోన్ బ్యాటరీ త్వరగా అయిపోతోందా? ఈ మూడు సెట్టింగులు మార్చండి'. మొదటి 8 సెకన్లు లోగో, సంగీతం. ఆ తరువాత బ్యాటరీ ఎలా పనిచేస్తుందన్న వివరణ. మొదటి సెట్టింగు 55వ సెకనుకు గానీ రాదు. గీత 8వ సెకనుకు 80 శాతానికి, 30వ సెకనుకు 42కు, 55కు 36కు దిగింది. అక్కడి నుంచి మూడో నిమిషం వరకు 33 దగ్గర దాదాపు సమతలంగా సాగింది.

ఇప్పుడు గ్రాఫ్ పక్కన వీడియో ఆడిస్తూ, శీర్షికలోని మాట తొలిసారి తెరమీద నెరవేరే సెకనును కాగితంపై రాసుకోండి. ఇక్కడ అది 55. జారుడు ఆగింది కూడా సరిగ్గా అక్కడే. అంటే శీర్షిక చెప్పినది వీడియోలో ఉంది, కానీ ఆలస్యంగా ఉంది. ఇలాంటప్పుడు చాలామంది శీర్షిక మారుస్తారు. నా దృష్టిలో అది తప్పు వైద్యం, కోత పెట్టవలసింది ఆరంభానికి. అలా కాక, మొదటి సెట్టింగు మొదలయ్యాక కూడా గీత అదే వేగంతో దిగుతూ ఉంటే, శీర్షిక వేరే విషయం కోసం వెతికేవారిని పిలిచిందని అనుమానించాలి.

అయితే సమతలమైన గీతను చూసి వెంటనే నిర్ధారణకు రాకండి. మిగిలినవారు ఏది పెట్టినా చూసే అభిమానులే కావచ్చు. అందుకే సబ్‌స్క్రైబర్ల గీతను, కానివారి గీతను విడివిడిగా చూడండి. సబ్‌స్క్రైబర్లు కానివారిలో ఎక్కువమంది మిమ్మల్ని ఎరగరు, శీర్షికనూ థంబ్‌నెయిల్‌నూ నమ్మి వస్తారు. వారి గీత కూడా 55 దగ్గర నిలబడితేనే మన నిర్ధారణ గట్టిది. వీక్షణలు తక్కువగా ఉంటే ఈ పరీక్ష పనికిరాదు. 40 వీక్షణల్లో ఒక్కరు వెళ్లినా గీత రెండున్నర శాతం దిగుతుంది.

ఇక సవరణ. స్టూడియో ఎడిటర్‌లో ఆరంభాన్ని కత్తిరించవచ్చు, లింకు మారదు. లోగో తీసేసి, మొదటి సెట్టింగును 10వ సెకనులోపు వచ్చేలా చేయండి. బ్యాటరీ వివరణ తప్పనిసరి అనిపిస్తే, తరువాతి వీడియో చిత్రీకరించేటప్పుడు దాన్ని రెండో సెట్టింగు తరువాతకు జరపండి. మార్పు తరువాతి తేదీలను మాత్రమే ఎంచుకుని గ్రాఫ్ చూడండి, లేకపోతే పాత వీక్షణలు కొత్తవాటిని కప్పేస్తాయి.

అభ్యాసం: మీ చివరి మూడు వీడియోలకు మాట నెరవేరిన సెకను, జారుడు ఆగిన సెకను పక్కపక్కన రాసి పెట్టుకోండి. 5వ పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.