మృతుల లెక్క రాసే ముందు: వరద విలేకరులకు జాగ్రత్తలు

వాయుగుండం వార్త వచ్చిన రోజే ఒక నోటు పుస్తకం సిద్ధం చేసుకోండి. ఫోను పనిచేయకపోయినా ఉపయోగపడేలా తహసీల్దారు, పోలీసు స్టేషను, ఆసుపత్రి మార్చురీ, జలవనరుల శాఖ ఇంజినీరు నంబర్లు అందులో రాసుకోండి.

మృతుల లెక్కకు ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వరుస కేటాయించండి. పేరు, వయసు, సొంత ఊరు, మృతదేహం దొరికిన చోటు, చెప్పిన అధికారి, చెప్పిన సమయం అందులో ఉండాలి. ఒక మండలంలో పోలీసులు 5 అన్నారని, ఆసుపత్రి 4, తహసీల్దారు 3 అన్నారని అనుకుందాం. వరుసలు పోల్చి చూస్తే పోలీసులు చెప్పిన ఐదుగురిలో నలుగురు మార్చురీలో ఉన్నవారే. ఐదో మనిషి వాగులో కొట్టుకుపోయారు, ఇంకా ఆచూకీ లేదు. నలుగురిలో ఒకరి పోస్టుమార్టం నివేదిక రాకపోవడంతో తహసీల్దారు ముగ్గురినే లెక్కలో చేర్చారు. కేంద్ర నిబంధనల ప్రకారం మృతుల కుటుంబానికి ఇచ్చే 4 లక్షల రూపాయల పరిహారానికి మరణ కారణం ధ్రువీకరణ కావాలి. అందుకే రెవెన్యూ లెక్క తరచూ వెనకబడుతుంది. అంతమాత్రాన దాస్తున్నారని రాయకండి. ‘సాయంత్రం 6 గంటల వరకు నాలుగు మృతదేహాలు లభించాయి. వీటిలో మూడు వరద మరణాలని అధికారులు ధ్రువీకరించారు. ఒకరు గల్లంతయ్యారు’ అని రాయండి. గల్లంతైన మనిషిని మృతుల్లో కలపకండి. ఆ ఇంట్లో వాళ్లు ఇంకా గట్టు మీదే ఎదురుచూస్తూ ఉంటారు.

సాయం విషయంలో ప్రకటించిన మొత్తం, విడుదలైన మొత్తం, చేతికి అందిన మొత్తం వేరువేరు. పది వేల ఆహార పొట్లాలు అంటే పది వేల మంది తిన్నారని కాదు. ఎన్ని పూటలకో అడగండి.

పుకారు ఎంత పని చేస్తుందో 2024 సెప్టెంబరులో విజయవాడ చూసింది. బుడమేరు వాగు గండ్లు పూడ్చిన తర్వాత, మళ్లీ గండి పడిందన్న అబద్ధం వ్యాపించి, అప్పటికే మునిగి తేలిన సింగ్‌నగర్ ప్రాంతంలో జనం భయంతో పరుగులు తీశారు. అలాంటి సందేశం వస్తే ‘నిజమేనా?’ అంటూ గ్రూపులో పెట్టకండి. అలా అడిగినా అది మరో పదిమందికి చేరినట్టే. పంపిన మనిషికి ఫోను చేసి, తాను కళ్లారా చూశారా, ఏ వంతెన దగ్గర, ఎన్ని గంటలకు అని అడగండి. ‘ఎవరో పంపారు’ అంటే అక్కడితో ఆపేయండి. చూశామంటే గట్టు మీద ఉన్న ఇంజినీరుతో మాట్లాడండి, వీలైతే మన మనిషిని పంపండి.

ఖండన రాయాల్సి వస్తే ‘గండి పడిందంటూ పుకార్లు’ అని శీర్షిక పెట్టవద్దు. హడావిడిలో చదివేవారికి మొదటి రెండు మాటలే గుర్తుంటాయి. ‘బుడమేరు గట్టు క్షేమం’ అని మొదలుపెట్టి, ఎవరు ఎన్ని గంటలకు చూశారో పక్కనే రాయండి.